W240 అని రాసి ఉంటే చాలా? జీడిపప్పు, బాదం, కిస్మిస్ గ్రేడు ఫొటోలోనూ ప్యాకెట్‌లోనూ పట్టుకోవడం ఎలా

మొన్న కార్తీకంలో మా తమ్ముడు బెంగళూరు హొరమావులో కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించాడు. వంట క్యాటరింగ్ వాళ్లకి అప్పజెప్పాం. పాయసంలోకి పప్పులు, తాంబూలంతో పాటు ఇచ్చే చిన్న డబ్బాలు మాత్రం నా నెత్తిన పడ్డాయి. నలభై డబ్బాలు, ఒక్కో దాంట్లో 50 గ్రాముల జీడిపప్పు, పిడికెడు బాదం, కాస్త కిస్మిస్. అంటే జీడిపప్పే రెండు కిలోలు. ఫోన్‌లో చూస్తే ఒకే జీడిపప్పు నాలుగు ధరల్లో ఉంది. ఒకటి W240, ఒకటి W320, ఒకటి జంబో, ఇంకోటి ప్రీమియం. నాలుగు ఫొటోల్లోనూ చెక్క గరిట మీదినుంచి జారుతున్న పప్పు, అన్నీ ఒకేలా ధగధగా ఉన్నాయి.

స్క్రీన్‌షాట్లు తీసి పలాసలో ఉన్న మా పిన్నికి పంపాను. ఆవిడ చాలా ఏళ్లు జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. వెంటనే ఫోన్ చేసింది. "పప్పు ఒక్కటే కనబడితే సైజేం తెలుస్తుందమ్మా? పక్కన ఎవరి వేలైనా ఉన్న ఫొటో చూపించు" అంది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ చెప్పినవి, నేను కొని, తూచి, లెక్కపెట్టి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. జీడిపప్పు గురించే ఎక్కువ ఉంటుంది. డబ్బులు ఎక్కువ పోయేది అక్కడే, కోడ్‌లు ఉన్నదీ ముఖ్యంగా అక్కడే.

## ముందు ఏం చూడాలి

మొదటిది, పప్పు ఎవరి కంటికి కనబడాలి అన్నది. డబ్బాలో పెట్టి ఇచ్చేదానికి ఆకారం కావాలి. నేతిలో వేగి పొంగల్లో కలిసిపోయేదానికి ఆకారంతో పనిలేదు. గ్రైండ్ అయ్యేదానికి అసలే లేదు. ఇది తేల్చుకోకుండా కోడ్‌లు చూడటం మొదలుపెడితే ఖరీదైనదే మంచిదనిపిస్తుంది.

రెండోది లెక్క, అంటే ఒక తూకానికి ఎన్ని గింజలు వస్తాయన్నది. మూడోది విరిగినవి ఎంత శాతం అన్నది. నాలుగోది తాజాదనం. సైజుకీ రుచికీ సంబంధం లేదు కానీ పాతబడిన పప్పుకీ రుచికీ చాలా సంబంధం ఉంది. ఇక ధరని ఎప్పుడూ గ్రాముకి చూసుకోవాలి. కిలోకి తక్కువ ఉన్న ప్యాకెట్ల మీద గరిష్ఠ ధర పక్కనే గ్రాముకి ఎంతో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 200 గ్రాముల ప్యాకెట్‌నీ 500 గ్రాముల ప్యాకెట్‌నీ పోల్చడానికి అదొక్కటి చాలు.

ఈ నాలుగింటిలో ఫొటో చెప్పగలిగేది సగమే. రంగు కొంతవరకు, విరిగినవి కొంతవరకు, గింజలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా లేదా అన్నది బాగానే తెలుస్తాయి. సైజు, తేమ, వాసన ఫొటోలో దొరకవు.

## జీడిపప్పు: గుండు కోడ్‌లు

W అంటే తెల్ల గుండు, విరగని పప్పు. పక్కనున్న అంకె ఒక పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గింజలు రావచ్చో చెప్తుంది. అందుకే అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. మా తమ్ముడు సహా చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు, 320 అంటే 240 కన్నా పెద్దదనుకుంటారు. మన వంటింట్లో పౌండు తూకాలు లేవు కాబట్టి 100 గ్రాములకి మార్చి పెట్టుకున్నాను.

| కోడ్ | 100 గ్రాములకి సుమారుగా గరిష్ఠం | ఒక్కో గింజ బరువు |
|---|---|---|
| W180 | 40 | 2.5 గ్రా. |
| W210 | 46 | 2.2 గ్రా. |
| W240 | 53 | 1.9 గ్రా. |
| W320 | 70 | 1.4 గ్రా. |
| W400 | 88 | 1.1 గ్రా. |
| W450 | 99 | 1 గ్రా. |

ఈ పట్టికలో లేనివి జంబో, ప్రీమియం, రాయల్, కింగ్ లాంటి మాటలు. అవి ప్యాకెట్ డిజైన్ చేసినవాళ్ల మాటలు, గ్రేడులు కావు. కోడ్ లేకుండా ఆ మాటలే ఉంటే నేను దాన్ని W320 అనుకుని ధర పోల్చుకుంటాను. ఎక్కువ వస్తే మన అదృష్టం.

W ముందు S చేరి SW అయితే అది కాస్త మాడిన గుండు. కాల్చేటప్పుడో ఆరబెట్టేటప్పుడో వేడి ఎక్కువై లేత గోధుమ రంగు తిరిగిన పప్పు. సైజు అదే, రుచిలో పెద్ద తేడా ఉండదు, ధర తక్కువ. ఎలాగూ నేతిలో వేయించి ఎర్రబెట్టేవాళ్లకి ఇది మంచి బేరం. ఇంటికి తెల్ల పప్పు కోసం పట్టుబట్టి, తెచ్చాక దాన్నే బాణలిలో ఎర్రగా వేయించేది మనమే కదా!

DW అని ఉంటే ఇంకా కింది గ్రేడు, మచ్చలు ఎక్కువ ఉన్న గుండు. పేస్టుకి తప్ప నేను కొనను.

## విరిగిన రకాలు

గుండు విరిగే తీరుని బట్టి వేరే కోడ్‌లు ఉంటాయి. నిలువునా రెండుగా విడిపోతే బద్ద. ప్యాకెట్ మీద S అని గానీ, దుకాణాల్లో JH అని గానీ ఉంటుంది. అడ్డంగా తెగితే B. అంతకన్నా చిన్నవాటిని జల్లెడతో వేరుచేస్తారు. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేవి LWP, పెద్ద ముక్కలు. దాంట్లోంచి జారి 2.8 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేవి SWP, చిన్న ముక్కలు. ఇంకా కిందకి పోయేది BB, అంటే నూక.

"గుండు ఎందుకు విరుగుద్దో తెలుసా, పొర తీసేటప్పుడు" అంది పిన్ని. పప్పు మరీ ఎండితే పెళుసెక్కి చాకు తగలగానే చిట్లుతుంది. సరిగ్గా ఎండకపోతే పొర వదలదు, గీకితే గాటు పడుతుంది. కాబట్టి విరిగిన పప్పు నాసి చెట్టుదో పాత సరుకో అనుకోనక్కర్లేదు. ఒకే గంపలోంచి ఒకే రోజు వచ్చిన పప్పే బల్ల మీద గుండుగా, బద్దగా, ముక్కగా విడిపోతుంది.

తేడా ఆ తర్వాత వస్తుంది. ముక్కకి గాలి తగిలే భాగం ఎక్కువ, కాబట్టి నూనె త్వరగా పాడై కనరు వాసన వస్తుంది. గుండు మూడు నెలలు బాగుండే డబ్బాలో ముక్క అంతకాలం ఆగదు. ముక్కలు తక్కువ తక్కువగా కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వేయించేటప్పుడు ఇంకో ఇబ్బంది. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి పెద్దవి ఎర్రబడేలోగా చిన్నవి మాడతాయి. ఆ చేదు పాయసమంతా పాకుతుంది. LWP వేయించాలంటే ముందు మామూలు పిండి జల్లెడ కాకుండా కాస్త పెద్ద కన్నాల జల్లెడలో ఒకసారి దులిపితే సరిపోతుంది.

బద్దకి మాత్రం ఒక లాభం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. లోపలి వైపు కనబడుతుంది. గుండులో పురుగు రెండు బద్దల మధ్యన దాక్కుంటే కొరికితే తప్ప తెలియదు. బద్దలో పుచ్చు, బూజు, నల్ల గీత ఉంటే చేతిలోకి తీసుకోగానే కనబడుతుంది.

## ఫొటో ఎక్కడ మోసం చేస్తుంది

అమ్మేవాళ్లు పెట్టిన మొదటి ఫొటో చూడటం దండగ. అది ఏ ప్యాకెట్‌దో కూడా చెప్పలేం. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలకి వెళ్లండి. వాటిలో అరచెయ్యి, స్పూను, పదిరూపాయల నాణెం ఏదో ఒకటి పక్కన ఉంటుంది. నాణెం ఉంటే మరీ మంచిది. అది 27 మిల్లీమీటర్లు, ఎవరి ఫోన్‌తో తీసినా మారదు. కానీ నాణెం పక్కన పొడవు కొలిచి గ్రేడు తేల్చేయకండి. గ్రేడు బరువు లెక్క. పొడవుగా పల్చగా ఉన్న పప్పు, పొట్టిగా లావుగా ఉన్న పప్పు ఒకే గ్రేడులోకి రావచ్చు. నాణెం ఫొటోతో "ఇది W180 అయితే కాదు" అనడం వరకు నమ్మొచ్చు.

కుప్పగా పోసిన ఫొటోలో గుండ్లనీ బద్దల్నీ వేరుచేయడానికి ఒక గుర్తు ఉంది. గుండుకి ఎటు చూసినా గుండ్రటి వీపు కనబడుతుంది. బద్దకి ఒకవైపు చదునుగా ఉంటుంది, ఆ చదును మధ్యలో సన్నటి గాడి కనబడుతుంది. కుప్పలో పది గింజలకి ఒకటి చదును చూపిస్తోందంటే, బోర్లాపడినవి ఇంకొన్ని ఉంటాయి. కాబట్టి బద్దలు కనబడుతున్నదానికి సుమారు రెట్టింపు ఉన్నాయనుకోండి.

రంగు విషయానికొస్తే, పప్పుని కాకుండా దాని పక్కనున్న తెల్లటి వస్తువుని చూడండి. తెల్ల ప్లేటు పసుపుగా కనబడుతుంటే దీపం కాంతి అది, పప్పు రంగు నమ్మకండి. ప్లేటు నీలంగా మెరుస్తుంటే ఫొటోని దిద్దారు.

చేతికొచ్చిన ప్యాకెట్‌లో అయితే కిటికీలా ఉన్న పారదర్శక భాగం చూసి మురిసిపోకుండా, నిలబెట్టి కింది అంచు మూలలు చూడాలి. పొడి, ముక్కలు చేరేది అక్కడే. కిటికీ అంత కిందిదాకా లేకపోతే ప్యాకెట్ తలకిందులు చేసి నాలుగుసార్లు తట్టి, కిటికీలోంచి ఏం జారుతుందో చూడండి.

## ఒక ప్యాకెట్ లెక్క మొత్తం

W240 అని రాసిన 500 గ్రాముల ప్యాకెట్ ఒకటి ఆన్‌లైన్‌లో నమూనాగా తెప్పించాను. ధర 599 రూపాయలు, అంటే కిలో 1,198. అదే వారం మా ఇంటి దగ్గరి దుకాణంలో విడి W320 కిలో 980, బద్ద 880, LWP 760.

ప్యాకెట్ తెరిచి పైనుంచి 100 గ్రాములు కాటా మీద తీశాను. 52 గింజలు వచ్చాయి, ఒక్కటీ విరగలేదు. 53 లోపే ఉంది కదా, W240 ఖాయం అనుకుని రెండు కిలోలకి ఆర్డర్ పెట్టబోయాను. పిన్ని ఆపింది. "పైపైన తీసి తూచితే ఎట్లా? మొత్తం పళ్లెంలో పొయ్యి."

పోశాను. విరిగినవన్నీ ఏరి పక్కన పెడితే 43 గ్రాములు తూగాయి. అంటే 500లో 8.6 శాతం. ఎనిమిదో వంతుకి మించకుండా కొస చిట్లినదాన్ని గుండు కిందే లెక్కేశాను, గ్రేడింగ్‌లోనూ అలాగే లెక్కిస్తారు. మిగిలిన గుండ్లు 457 గ్రాములు, గింజలు 301. ఇప్పుడు లెక్క ఇలా:

```
301 × 454 ÷ 457 = 299
```

పౌండుకి 299. W240 అంటే 240 దాటకూడదు. ఇది నేరుగా W320. పైనున్న 52 పెద్ద గింజల్ని తీసేస్తే మిగతావి గింజకి 1.43 గ్రాములు, అచ్చంగా 320 బరువు. ఎగుమతి గ్రేడుల్లో ముక్కలు, ఒక మెట్టు చిన్న సైజు కలిపి 5 శాతం దాకా మన్నిస్తారు. ఇక్కడ ముక్కలే దాన్ని దాటేశాయి.

కావాలని పైన పెద్దవి పేర్చారా అంటే చెప్పలేను. రవాణాలో కుదుపులకి పెద్ద గింజలు పైకి తేలి చిన్నవి కిందకి జారడం మామూలే. కానీ పెద్దవి పైకి తేలినంత మాత్రాన మొత్తం లెక్క మారదు. మొత్తం 299 వచ్చింది. కిలోకి 218 రూపాయలు ఎక్కువ ఇచ్చి, దుకాణంలో 980కి దొరికే సైజు కొన్నాను, పైగా ముక్కలతో కలిపి. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే "సహజంగా పండే వస్తువు కాబట్టి తేడాలుంటాయి" అని జవాబు వచ్చింది. తర్వాత కాటా మీద అంకెతో సహా విరిగిన ముక్కల ఫొటో, లెక్క వేసిన కాగితం ఫొటో పంపాక సగం డబ్బు తిరిగి ఇచ్చారు. ఫిర్యాదు చేసేవాళ్లు ప్యాకెట్ మీది కోడ్, బ్యాచ్ నంబరు, కాటా అంకె మూడూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి.

మీ దగ్గర కాటా లేకపోతే ఇంకో దారి ఉంది. 200 గ్రాముల ప్యాకెట్ కొని గుండ్లన్నీ లెక్కపెట్టండి. ముక్కలు పెద్దగా లేకపోతే W240కి 106 దాటకూడదు, W320కి 141 దాటకూడదు. ముక్కలు బాగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. ముక్కల బరువు గుండ్ల సంఖ్యని తగ్గించి గ్రేడుని ఉన్నదానికన్నా పెద్దదిగా చూపిస్తుంది.

## గుండా, బద్దా, ముక్కా: ఎవరికి ఏది

ఇచ్చిపుచ్చుకునే డబ్బాలకైతే నేను చివరికి W320 తీసుకున్నాను, W240 కాదు. 50 గ్రాముల్లో W240 అయితే 26 గింజలు వస్తాయి, W320 అయితే 35. చిన్న డబ్బాలో 35 నిండుగా కనబడతాయి. పెద్ద పళ్లెంలో పరిచి పెళ్లివారి ముందు పెట్టేవాళ్లకి W240, W210 బాగుంటాయి, అక్కడ ఒక్కో గింజా విడిగా కనబడుతుంది.

ఇంట్లో పిల్లలకి రోజూ పెట్టడానికి W320, W400లలో ఏది గ్రాముకి చవకైతే అది. ఇక్కడ ఒక చిన్న చిక్కు. మా అమ్మకి డాక్టర్ రోజుకి పది జీడిపప్పులు చాలన్నారు. W180 పది అంటే 25 గ్రాములు, W450 పది అంటే 10 గ్రాములు. గింజల లెక్కన తినేవాళ్లు సైజు చూసుకోవాలి.

పాయసం, పొంగలి, పులిహోర, ఉప్మాలోకి బద్ద. మా ఇంట్లో గుండు కొన్నా నేతిలో వేసేముందు చాకుతో రెండుగా చీలుస్తారు, చీల్చడానికి అదనంగా డబ్బు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. కాజూ కట్లీకి, కుర్మా పేస్టుకి LWP లేదా SWP. పేస్టు తెల్లగా రావాలంటే ముక్కల్లో మచ్చలు లేకుండా చూసుకోండి, ఒక్క నల్ల ముక్క పడినా కట్లీలో చుక్కలు కనబడతాయి. నూక మాత్రం ప్యాకెట్‌లో మూసి ఉన్నది నేను కొనను. విడిగా దొరికితే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి, పాత సరుకంతా చేరేది అందులోకే.

## బాదం: అంకెలున్నా కొలత వేరు

బాదంకీ అంకెలుంటాయి, కానీ 23/25, 27/30 అన్నట్టు జంటగా ఉంటాయి. ఇది పౌండుకి కాదు, ఔన్సుకి, అంటే 28.35 గ్రాములకి. 23/25 అంటే 100 గ్రాములకి 81 నుంచి 88 గింజలు, 27/30 అంటే 95 నుంచి 106. ఇక్కడా చిన్న అంకెదే పెద్ద గింజ. చిల్లర ప్యాకెట్ల మీద ఇవి అరుదు, విడి సరుకు అమ్మే చోట కార్టన్ మీద రాసి ఉంటుంది. సంచిలోంచి తీసి ఇస్తుంటే "కార్టన్ ఏదీ, ఒకసారి చూపించండి" అని అడగడంలో తప్పులేదు. NP అని ఉంటే నాన్‌పరేల్ రకం. లేత రంగు, పల్చటి నునుపైన పొట్టు, నానబెడితే సులువుగా ఊడుతుంది.

బాదంలో ముక్కల గొడవ జీడిపప్పంత లేదు. చూడాల్సినవి గీతలు, జంటగింజలు. మన దేశానికి కాలిఫోర్నియా బాదం ఎక్కువగా పెంకుతోనే వస్తుంది, పెంకు ఇక్కడ పగలగొడతారు. ఆ దెబ్బకి పొట్టు లేచి తెల్లగా గీతలు పడతాయి. ఒకటీ అరా ఉంటే పర్లేదు. ఫొటోలో పది గింజల్లో నాలుగింటికి తెల్ల గీత కనబడితే మాత్రం డబ్బాలకి పనికిరాదు, బాదం పాలకి సరిపోతుంది. జంటగింజ అంటే ఒకే పెంకులో రెండు పెరగడం వల్ల ఒకవైపు చదునుగానో గుంటగానో ఉన్న గింజ. రుచికి లోటు లేదు, కానీ పొట్టు వలవడానికి విసుగు తెప్పిస్తుంది.

మామ్రా బాదం వేరే కథ. అది పుట్టుకతోనే ముడతలు పడి, వంకరగా, చిన్నాపెద్దా కలిసి ఉంటుంది. ధర మామూలు బాదం కన్నా చాలా ఎక్కువ. అందుకే ఇక్కడ గుర్తు తలకిందులవుతుంది. మామ్రా అని అమ్ముతున్న ఫొటోలో గింజలన్నీ నున్నగా, బల్లపరుపుగా, ఒకే కొలతలో ఉంటే అనుమానించాలి. అలాగని ముడతలున్నవన్నీ మామ్రా కావు. సరిగ్గా నిండని మామూలు బాదం కూడా ముడుచుకుపోతుంది. విరిచి చూడండి, లోపల నిండుగా నూనెతో మెరిస్తే సరే, పిప్పిలా ఉంటే అది నిండని గింజ.

## కిస్మిస్: కోడ్ లేదు, కన్నే దిక్కు

కిస్మిస్ ప్యాకెట్ మీద నమ్మదగ్గ సైజు కోడ్ వెతకడం మానేశాను. పది గ్రాములు తూచి లెక్కపెట్టుకోవడమే. రెండు ప్యాకెట్లలో ఎందులో తక్కువ గింజలొస్తే దాంట్లో గింజ పెద్దది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. తేమ ఎక్కువున్న కిస్మిస్ కూడా బరువు తూగుతుంది. ప్యాకెట్ నొక్కితే ముద్దలా అంటుకుని, వదిలినా విడిపోకపోతే మీరు నీటికి డబ్బు కడుతున్నారు.

రంగు ఎండబెట్టిన తీరుని చెప్తుంది. నాసిక్, సాంగ్లి, విజయపుర వైపు ద్రాక్షని ద్రావణంలో ముంచి నీడలో పందిళ్ల మీద ఆరబెడితే ఆకుపచ్చగా ఉంటుంది. గంధకం పొగ పెడితే బంగారు రంగు నిలుస్తుంది. ఎండలో ఆరిస్తే గోధుమ రంగు. బంగారు రంగు ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో INS 220 అని కనబడుతుంది, అది సల్ఫర్ డయాక్సైడ్. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఇది పడదు. మా అత్తయ్యకి ఉబ్బసం కాబట్టి మా ఇంట్లో గోధుమ రంగే.

ఫొటోలో చూడాల్సింది తొడిమలు. గింజ కొసన సన్నటి పుల్ల కనబడితే శుభ్రం చేయని సరుకు, పాయసంలో పంటికి తగులుతుంది. గింజ మీద తెల్లగా ఉంటే కంగారు పడకండి. గట్టిగా, పొడిపొడిగా ఉంటే పంచదార బయటికి వచ్చి గడ్డకట్టింది, గోరువెచ్చని నీళ్లలో కరిగిపోతుంది. దూదిలా మెత్తగా నూగుగా ఉండి కరగకపోతే అది బూజు, పారేయడమే. చిట్లి జిగురు కారుతున్న గింజలు ఉన్నచోట మిగతావి ముద్ద కడతాయి, చీమలూ పడతాయి.

కొనేముందు రెండు గింజలు ఇప్పించుకోగలిగితే, ఇంటికొచ్చి అర చెంచా నేతిలో వేయండి. మంచి కిస్మిస్ కొద్ది క్షణాల్లో బూరెలా ఉబ్బుతుంది. మరీ ఎండిపోయినది ఉబ్బకుండా అంచుల్లో నల్లబడుతుంది. మాకు దొరికిన మూడింట్లో ఒకటి అలాగే నల్లబడింది, అది అన్నిటికన్నా పొడుగ్గా, ఫొటోలో అన్నిటికన్నా అందంగా ఉన్నది.

గృహప్రవేశానికి చివరికి కొన్నవి ఇవి. డబ్బాలకి దుకాణం W320 రెండు కిలోలు, 23/25 బాదం కిలో, తొడిమలు లేని ఆకుపచ్చ కిస్మిస్ అర కిలో. పాయసంలోకి బద్ద అర కిలో. నమూనా ప్యాకెట్‌లో ఏరి పక్కన పెట్టిన 43 గ్రాముల ముక్కలు ఆ రాత్రే కుర్మాలోకి వెళ్లాయి. పిన్నికి డబ్బాల ఫొటో పంపితే, మధ్య వరసలో ఒక డబ్బా చుట్టూ ఎర్ర గీత గీసి తిరిగి పంపింది: "ఇందులో రెండు బద్దలు పడ్డాయి, మార్చు."